డిప్ చార్టులో 9 వరుసలు చెరిగిపోయాయి, మధ్యలో అంకెలు ఎలా నింపాలి?

హైవే_బంకు
అందరికీ నమస్కారం. కోదాడ వైపు హైవే మీద ఒక బంకులో మేనేజర్‌గా చేస్తున్నాను. మా డీజిల్ ట్యాంకు 20 వేల లీటర్లది. స్కేలు ముంచి చూసిన ఎత్తుకి ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయో చెప్పే డిప్ చార్టు గోడకి తగిలించి ఉండేది. మొన్నటి వానకి లామినేషన్ సందులోంచి నీళ్లు దిగి, 26 సెం.మీ. నుంచి 34 సెం.మీ. వరకు అంకెలు పూర్తిగా కరిగిపోయాయి. కొత్త కాపీ కోసం కంపెనీ వాళ్లని అడిగాం, ఇంకా రాలేదు.

25 దగ్గర 1451 లీటర్లు, 35 దగ్గర 2363 లీటర్లు ఉంది. తేడా 912. పదితో భాగించి, సెంటీమీటరుకి 91 చొప్పున కలుపుకుంటూ ఖాళీలు నింపేశాను. అక్కడి నుంచే నాకు టెన్షన్ మొదలైంది.

మొదటి రోజు పొద్దున డిప్ 36 (2461). మీటరు ప్రకారం అమ్మకం 572. సాయంత్రం డిప్ సరిగ్గా 30. నా చార్టు ప్రకారం 1906, లెక్క ప్రకారం ఉండాల్సింది 1889. అంటే 17 లీటర్లు ఎక్కువ. ఎవరూ ఏమీ అనలేదు. రెండో రోజు 608 అమ్మాం, సాయంత్రం డిప్ 23 (1284). ఉండాల్సింది 1298. 14 తక్కువ! ఇక ఓనరు గారు షిఫ్ట్ కుర్రాళ్లని నిలబెట్టి అడగడం మొదలుపెట్టారు. పదిహేను రోజుల్లో ఇలా మూడుసార్లు జరిగింది. చార్టు తప్పా, మనుషులు తప్పా?

ఎక్సెల్_శీను
దీనికి ఇంత ఆలోచన దేనికి అన్నా. 22 నుంచి 25 వరకు ఉన్న నాలుగు అంకెలు ఎక్సెల్‌లో కొట్టు, నాలుగూ సెలెక్ట్ చేసి కింది మూల పట్టుకుని 34 దాకా లాగు. వరుస ఎలా నడుస్తోందో అదే చూసుకుని నింపుతుంది. మా ఆఫీసులో అన్నీ అలాగే చేస్తాం.

గ్రూప్స్_2_ప్రిపరేషన్
సార్, ఇలాంటివి రీజనింగ్‌లో వస్తాయి. మూడు వరుసలు, మూడు నిలువు గడులు, ఒకటి ఖాళీ. మొదటి రెండు అంకెలు గుణించి మూడోది కూడితే వస్తుందేమో చూడండి. లేదా వర్గాల తేడా. మీ పట్టిక మొత్తం పెడితే నేను ట్రై చేస్తాను.

హైవే_బంకు
శీను, చేశాను. 34 దగ్గర ఆగకుండా 35 దాకా లాగి చూశా. అక్కడ 2277 వచ్చింది. చార్టులో అచ్చంగా 2363 అని ఉంది. 86 లీటర్ల తేడా. ఇది నా 91 కంటే అన్యాయంగా ఉంది.

గ్రూప్స్ తమ్ముడూ, ఇది పరీక్ష బిట్టు కాదమ్మా. ట్యాంకులో ఇనప స్కేలు ముంచితే ఎన్ని సెంటీమీటర్లు తడిసిందో చూసి, అన్ని సెంటీమీటర్లకి ఎన్ని లీటర్లో చెప్పే చార్టు.

పాత_డిపో_మనిషి
రమ్మని పిలవకుండానే వచ్చాను, ఈ పని ముప్పై ఏళ్లు చేశాను కాబట్టి.

మేనేజర్ గారూ, ముందు మీ కుర్రాళ్లని వదిలేయమనండి. ఒక రోజు 17 ఎక్కువ, మర్నాడు 14 తక్కువ అన్నారు చూశారా, దొంగతనం అలా ఉండదు. దొంగతనంలో తగ్గుతుందే కానీ ముందు రోజు పెరగదు. డిప్ ఖాళీ వరుసల్లో పడిన రోజు ఎక్కువ చూపించి, బయటి వరుసల్లోకి వెళ్లగానే అంతే తక్కువ చూపిస్తోందంటే, మీరు నింపిన అంకెలు ఎక్కువగా ఉన్నాయని అర్థం.

ఎందుకు ఎక్కువయ్యాయో చెబుతాను. మీ ట్యాంకు నిలబెట్టిన డ్రమ్ము కాదు, భూమిలో పడుకోబెట్టిన డ్రమ్ము. నిలబెట్టినదైతే ప్రతి సెంటీమీటరుకీ ఒకే లెక్క, మీరు చేసిన భాగహారం సరిపోయేది. పడుకోబెట్టినప్పుడు అడుగున సన్నగా ఉంటుంది, పైకి వచ్చేకొద్దీ వెడల్పవుతుంది, సగం దాటాక మళ్లీ సన్నబడుతుంది. డీజిల్ పైభాగం ఎంత వెడల్పుగా పరుచుకుంటే ఆ సెంటీమీటరులో అన్ని లీటర్లు ఎక్కువ. ఒక సెంటీమీటరుకి పెరిగే లీటర్లని ఒక మెట్టు అనుకోండి. అందుకని మీ ఖాళీలో మొదటి మెట్లు 91 కంటే చిన్నవి, చివరి మెట్లు 91 కంటే పెద్దవి. మీరు మొదటి మెట్లకే 91 ఇచ్చేశారు. ఆ ఎక్కువ పోగవుతూ మధ్యకి వచ్చేసరికి బాగా పెరిగింది.

శీను చెప్పింది ఇంకా తప్పు. కింద వైపు నాలుగు వరుసలే చూసి లాగితే, ఆ సన్నని చోటి మెట్టునే పైదాకా మోస్తుంది. ఖాళీకి రెండు వైపులా అంకెలున్నప్పుడు ఒక వైపే చూడటం దేనికి?

ఖాళీకి కింద నాలుగు వరుసలు, పైన ఆరు వరుసలు ఇక్కడ పెట్టండి. లీటర్లు కాదు, లీటర్ల మధ్య తేడాలు చూద్దాం.

హైవే_బంకు
ఇవిగో సార్.

22 – 1203
23 – 1284
24 – 1367
25 – 1451
(26 నుంచి 34 ఖాళీ)
35 – 2363
36 – 2461
37 – 2560
38 – 2650
39 – 2761
40 – 2863

పాత_డిపో_మనిషి
కింద మెట్లు: 81, 83, 84. బాగున్నాయి. పైన: 98, 99, 90, 111, 102.

ఖాళీ సంగతి తర్వాత. ముందు 38 వరుస మళ్లీ చూడండి. 99 తర్వాత 90కి పడి, వెంటనే 111కి లేవడం ఈ ట్యాంకులో కుదరదు. ఒక మెట్టు చిన్నదై పక్క మెట్టు అంతే పెద్దదైతే, ఆ రెండింటి మధ్య ఉన్న అంకె ఒక్కటే తప్పు. అది 2660 అయి ఉండాలి. అప్పుడు మెట్లు 98, 99, 100, 101, 102.

హైవే_బంకు
ఫోన్ లైటు వేసి చూశాను. 2660 యే సార్! 6 కింద ఎడమ పక్క చెరిగి 5 లాగా కనిపిస్తోంది. ఇన్నాళ్లూ 2650 అనే రాస్తున్నాం.

పాత_డిపో_మనిషి
సరే, ఇప్పుడు ఖాళీ.

ఖాళీకి ముందు చివరి మెట్టు 84 (24 నుంచి 25కి). ఖాళీ తర్వాత మొదటి మెట్టు 98 (35 నుంచి 36కి). మధ్యలో కనపడని మెట్లు పది. అవి 84 నుంచి 98కి నెమ్మదిగా ఎక్కాలి. 84 నుంచి 98కి చేరడానికి పదకొండు అడుగులు, పెరగాల్సింది 14. అడుగుకి ఒకటింపావు పైచిలుకు. అలా వేస్తే మెట్లు సుమారుగా 85, 87, 88, 89, 90, 92, 93, 94, 95, 97 వస్తాయి.

ఇక్కడితో ఆగకూడదు. ఈ పదీ కూడండి. 910 వస్తుంది. మీ దగ్గర అచ్చులో ఉన్న తేడా 912. రెండు లీటర్లు తక్కువ. ఈ కూడిక సరిపోవాల్సిందే, ఎందుకంటే 25, 35 అంకెలు మనం ఊహించినవి కావు. తక్కువైన ఆ రెండింటినీ, పాయింట్లు కొట్టేసేటప్పుడు ఎక్కువ నష్టపోయిన రెండు మెట్లకి ఇవ్వండి. 90ని 91, 95ని 96 చేయండి. ఇప్పుడు మెట్లు 85, 87, 88, 89, 91, 92, 93, 94, 96, 97. కూడితే 912.

ఇక 1451 మీద ఒక్కొక్కటే కలపండి.

26 – 1536
27 – 1623
28 – 1711
29 – 1800
30 – 1891
31 – 1983
32 – 2076
33 – 2170
34 – 2266

34 మీద 97 కలిపితే 2363, అచ్చులో ఉన్న 35వ వరుస. 30 దగ్గర మీరు రాసింది 1906, ఇది 1891. ఆ 15 లీటర్లే మీ కుర్రాళ్ల నెత్తిన పడ్డవి. మొదటి రోజు లెక్క 1889కి 1891 అంటే 2 ఎక్కువ. రెండో రోజు 1891లోంచి 608 పోతే 1283, డిప్ 1284. ఒక లీటరు.

మెట్లు ఒకసారి 1, ఒకసారి 2 పెరుగుతున్నాయని కంగారు పడొద్దు. అచ్చు చార్టులో కూడా 81, 83, 84 అనే ఉంది. పాయింట్లు తీసేసి పూర్తి లీటర్లు రాయడం వల్ల అలా కనిపిస్తుంది.

కడప_సుబ్బన్న
అన్నా, నేనూ బంకు మనిషినే, పన్నెండేళ్లుగా. ఇదంతా చదవడానికి బాగుంది కానీ, స్కేలు తీసి చూసేటప్పుడు ఒకటి రెండు మి.మీ. అటూ ఇటూ చదవడం మామూలే కదా. 30 దగ్గర సెంటీమీటరుకి 92 లీటర్లంటే మిల్లీమీటరుకి 9 లీటర్లు. రెండు మి.మీ. తప్పు చదివితే 18 లీటర్లు. ఈయన 15 లీటర్ల కోసం మెట్లూ కూడికలూ చేస్తున్నాడు. ఎండాకాలం నాజిల్ దగ్గరే అంతకంటే పోతుంది. 91 అని రాసుకున్నా కొంపలేం మునగవు.

పాత_డిపో_మనిషి
సుబ్బన్నా, మిల్లీమీటరు లెక్క నువ్వు చెప్పింది సరైనదే. కానీ స్కేలు చదవడంలో తప్పు ఒక రోజు పైకి, ఒక రోజు కిందికి పోతుంది. నెల తిరిగేసరికి చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చార్టులో తప్పు ప్రతిసారీ ఒకవైపే. డిప్ 30 దగ్గర పడిన ప్రతిసారీ 15 ఎక్కువే చూపిస్తుంది. నెలాఖరు డిప్ అక్కడే పడితే నెల లెక్కంతా 15 తేడాతో మూస్తావు.

కడప_సుబ్బన్న
నెలాఖరుకి ఎవరైనా లోడు దింపించుకునే డిప్ కొడతారు, 30 దగ్గర ఎందుకు ఉంటుంది? పోనీలే పెద్దవారు, మీ మాట మీది. నా లెక్కలో స్కేలు సరిగ్గా చదవడం నేర్పితే దానికంటే ఎక్కువ లాభం.

లెక్కల_టీచర్_విజయ
మేనేజర్ గారూ, ఆ సార్ చేసింది చక్కగా ఉంది. దాన్ని సరిచూసుకోవడానికి పక్క వరుసలు అక్కర్లేని దారి ఒకటి మీ చార్టులోనే ఉంది.

పడుకోబెట్టిన డ్రమ్ము పై సగం, కింది సగం ఒకేలా ఉంటాయి. అడుగు నుంచి 30 సెం.మీ. ఎత్తున ఎంత డీజిల్ ఉంటుందో, పై అంచు నుంచి 30 సెం.మీ. దిగువన అంతే ఖాళీ ఉంటుంది. మీ ట్యాంకు లోపలి వ్యాసం 200 సెం.మీ. అనుకుంటున్నాను (40 దగ్గర 2863 చూసి అలా అనిపించింది). అలాగైతే 30వ వరుసకి అద్దం 170వ వరుస. మొత్తం లీటర్లలోంచి 170 దగ్గరి అంకె తీసేస్తే 30 దగ్గరిది రావాలి. మీ పైవరుసలు చెరగలేదు కదా?

ఒక్క జాగ్రత్త. ముందు అచ్చులో రెండూ ఉన్న జతలతో పరీక్షించండి. 25, 175 కూడండి. 35, 165 కూడండి. ఈ రెండు మొత్తాలూ ఒకటే వస్తేనే ఈ పద్ధతి వాడాలి.

కంప్యూటరు ఉంటే సూత్రం కూడా ఇదిగో. A2 గడిలో డిప్ సెం.మీ.లో వేయండి. 100 వ్యాసార్ధం, 640 పొడవు. పొడవు మీది వేరైతే మార్చుకోండి.

```
=640*(100^2*ACOS((100-A2)/100)-(100-A2)*SQRT(2*100*A2-A2^2))/1000
```

హైవే_బంకు
మేడమ్, వ్యాసం 200 యే. 175 దగ్గర 18656, దానికి 1451 కలిపితే 20107. 165 దగ్గర 17743, 2363 కలిపితే 20106. ఒక్క లీటరే తేడా. ఇక 170 దగ్గర 18215 ఉంది. 20106లోంచి తీసేస్తే 1891!! డిపో సార్ రాసిందీ 1891 యే.

సూత్రంలో 30 వేసినా 1891.19 వచ్చింది. పొడవు 640 అని మీకెలా తెలిసింది?

లెక్కల_టీచర్_విజయ
మీరు పెట్టిన 40వ వరుస అంకెకి సరిపోయే పొడవు వెతికాను. అంతే. మొత్తం 20106 రావడంతో అది సరైనదేనని తేలింది. ట్యాంకు చివర్లు చదునుగా కాకుండా ఉబ్బెత్తుగా ఉంటే ఈ సూత్రం అచ్చంగా సరిపోదు. కానీ అద్దం పద్ధతి అప్పుడూ పనిచేస్తుంది, ఎందుకంటే ఉబ్బు కూడా పైనా కిందా ఒకేలా ఉంటుంది.

అనకాపల్లి_ఫ్యూయెల్
మేడమ్ గారూ, ఇది చదివి మా చార్టు మీద కూడా చేసి చూశాను. మాదీ ఇలాంటి ట్యాంకే, 200 వ్యాసం, మొత్తం 20106. కానీ మాకు 25, 175 కూడితే మొత్తానికి 68 తక్కువ వస్తోంది. 35, 165 కూడితే 78 తక్కువ. అంటే మా చార్టే తప్పా? మూడేళ్లుగా దీంతోనే నడుపుతున్నాం.

పాత_డిపో_మనిషి
తప్పు అనలేను. మీ డిప్ పైపు ట్యాంకు మధ్యలో ఉందా, ఒక చివర ఉందా?

అనకాపల్లి_ఫ్యూయెల్
ఒక చివర అండి. మూత దగ్గర.

పాత_డిపో_మనిషి
అయితే ఇలా అయ్యుంటుంది. ట్యాంకుని పూర్తి సమంగా పెట్టకుండా కొద్దిగా వాలుగా పెడతారు, అడుగున చేరే నీరు ఒక వైపు చేరాలని. మీ డిప్ పైపు పల్లం వైపు ఉంటే, స్కేలు నడిమి మట్టం కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. మీ అంకెల్ని బట్టి ఆ ఎక్కువ సుమారు 4 మి.మీ. 25 దగ్గర సెంటీమీటరుకి 85 లీటర్లు. 4 మి.మీ.కి 34, కిందా పైనా రెండుసార్లు కాబట్టి 68. 35 దగ్గర సెంటీమీటరుకి 97. 4 మి.మీ.కి 39, రెండుసార్లు 78. మీరు చెప్పిన రెండు అంకెలూ సరిపోయాయి.

వాలు చార్టులోనే ఉందంటే, చార్టు తయారు చేసిన రోజే దాన్ని లెక్కలోకి తీసుకున్నారన్నమాట. మీ చార్టు మీ ట్యాంకుకి సరైనదే అయ్యుండాలి. అద్దం పద్ధతి మాత్రం మీకు నేరుగా పనికిరాదు. మెట్ల పద్ధతి పనికొస్తుంది, దానికి వాలుతో పని లేదు.

అనకాపల్లి_ఫ్యూయెల్
మరి తర్వాత వానలకి మట్టి దిగి ట్యాంకు ఇంకా వాలి ఉంటే? మా దగ్గర నల్లరేగడి.

పాత_డిపో_మనిషి
అప్పుడు చార్టు మొత్తం కదిలిపోతుంది, ఏ పక్క వరుస చూసినా తెలియదు, ఎందుకంటే అంకెలన్నీ ఒకదానితో ఒకటి చక్కగానే ఉంటాయి. తెలిసిన లోడు దింపేటప్పుడు డిప్ ముందూ వెనకా చూసి పోల్చాలి. ఒకసారి సగం దగ్గర, ఒకసారి అడుగు దగ్గర చేయండి. అంతకు మించి ఇక్కడి నుంచి చెప్పలేను.

ఎక్సెల్_శీను
సరే సార్, ఒప్పుకున్నా. ఒక డౌటు. మీ మెట్ల పద్ధతి చార్టులో ఎక్కడ ఖాళీ ఉన్నా పనిచేస్తుందా? అడుగున 1, 2, 3 సెం.మీ. చెరిగితే?

పాత_డిపో_మనిషి
మంచి ప్రశ్న. అక్కడ చేయకూడదు. ఈ ట్యాంకులో అడుగు నుంచి మెట్లు 12, 22, 28 అలా గెంతుతాయి. ఖాళీకి కింద వైపు మెట్టే ఉండదు, ఒక వైపే పట్టుకుని వెళ్లాలి. అక్కడ విజయమ్మ గారి అద్దమో, సూత్రమో వాడాలి. అయినా అంత అడుగుకి దింపి ఎవరూ అమ్మరు, పంపు పైపు అంతకంటే పైనే ఉంటుంది. ఖాళీ మరీ పెద్దదైనా, అంటే ఓ 30 వరుసలు పోయినా, మెట్లు సమానంగా పెరుగుతాయని అనుకోవడం కష్టం. కింద వేగంగా పెరుగుతాయి, సగం దగ్గరికి వచ్చేసరికి పెరగడమే ఆగిపోతుంది.

డెన్సిటీ_రావు
ఆలస్యంగా చూశాను. మాకు డెన్సిటీ పట్టికలో ఇలాగే వేర్వేరు చోట్ల రెండు వరుసలు పోయాయి, డీజిల్ డెన్సిటీని 15 డిగ్రీలకి మార్చుకునేది. నేను పైదీ కిందిదీ కూడి సగం చేసి వాడుతున్నాను. ఇప్పుడు భయం వేస్తోంది. అదీ తప్పేనా?

పాత_డిపో_మనిషి
రావు గారూ, అక్కడ భయం లేదు. డీజిల్ డెన్సిటీ డిగ్రీకి, ఘనపు మీటరుకి సుమారు 0.7 కిలోల చొప్పున మారుతుంది, మీ వరుసల దగ్గరలో ఆ మెట్టు దాదాపు మారదు. మెట్టు మారనప్పుడు సగం చేయడం సరైన పనే. మీకు అనుమానం ఉంటే పోని వరుసల్లో ఒకటి చేత్తో మూసి, పైదీ కిందిదీ సగం చేసి, చెయ్యి తీసి చూడండి.

గ్రూప్స్_2_ప్రిపరేషన్
సార్ ఇందాక తెలియక రాశాను, సారీ. మూసి చూడమన్నారు కదా, బంకు సార్ చార్టులో 36, 38 మధ్య 37 మూసి సగం చేశాను. 2461, 2660 సగం చేస్తే 2560.5. అచ్చులో 2560. మరి ఒక్క వరుసే పోతే సగం చేసినా సరిపోతుందిగా?

పాత_డిపో_మనిషి
సరిపోతుంది నాయనా. ఇక్కడ ఒకటీ రెండూ పోతే తేడా లీటరు, లీటరున్నరకి మించదు. తొమ్మిది పోయాయి కాబట్టే ఇంత కథ.

హైవే_బంకు
అప్‌డేట్. కొత్త అంకెలు పెన్సిల్‌తో రాసి, పక్కన "మనం నింపినవి" అని గీత పెట్టాను. ఎవరైనా తనిఖీకి వస్తే ఇవి అచ్చు అంకెలు అనుకోకూడదు కదా. వారం నుంచి ఖాళీ వరుసల్లో నాలుగుసార్లు డిప్ పడింది. తేడాలు 2, -5, 4, -1. ఓనరు గారికి పాత లెక్కలు మళ్లీ వేసి చూపించాను. ఆయన కుర్రాళ్లకి ఏమీ చెప్పలేదు కానీ, నిన్న సాయంత్రం అందరికీ టీ తెప్పించారు.

అసలు కాపీ కోసం మళ్లీ మెయిల్ పెట్టాం. సుబ్బన్న గారు చెప్పినట్టు స్కేలు చదవడం కూడా కుర్రాళ్లకి చూపిస్తున్నాను. ఆ -5 రోజు ఎవరు చదివారో మాత్రం ఇంకా తేలలేదు.

కడప_సుబ్బన్న
చెప్పానా లేదా :)